అస్సామీలో ఇంటి మాట: ఒక టీ బ్రాండుకు అయిదు క్యాప్షన్లు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక చిన్న ఏజెన్సీలో కంటెంట్ రాస్తుంటాను. జోర్హాట్‌లో ఒక కుటుంబం నడిపే టీ బ్రాండుకు సోషల్ మీడియాలో పెట్టడానికి అయిదు అస్సామీ క్యాప్షన్ల వరుస కావాలట. ఇల్లు, ఆప్యాయత కనిపించాలన్నారు. తెలుగులో రాసుకుని అస్సామీలోకి మార్పించి పంపాను. "అర్థం బాగానే ఉంది గానీ మా ఇంట్లో మాట్లాడుకున్నట్టు లేదు, బెంగాలీ వాసన కూడా వస్తోంది" అని తిప్పి పంపారు. పొరపాటు ఎక్కడ జరిగింది? ఎలా రాయాలి?

జవాబు:

వారు చెప్పినవి రెండు వేర్వేరు ఫిర్యాదులు. బెంగాలీ వాసన అక్షరాల్లోనూ కొన్ని మాటల్లోనూ ఉంటుంది కాబట్టి ఒక్క పూటలో సరిచేయవచ్చు. ఇంట్లో మాట్లాడుకున్నట్టు లేదన్నది అంత తేలికైన సంగతి కాదు, ఎందుకంటే అస్సామీలో ఆప్యాయత అనేది ప్రేమ, మమకారం వంటి పెద్ద మాటల్లో కాక బంధుత్వ పదాల చివర చేరే చిన్న ప్రత్యయంలోనూ, క్రియ అంచున వేలాడే ఒక్క అక్షరంలోనూ కూర్చుని ఉంటుంది. తెలుగులో రాసి అనువదించినప్పుడు ముందుగా రాలిపోయేవి అవే. నేను తొమ్మిదేళ్లు జోర్హాట్‌లోనూ గువాహటిలోనూ ఉండి, టీ పొట్లాల మీది రాతల నుంచి పండుగ ప్రకటనల దాకా అస్సామీలో రాయించే పని చేశాను. ఆ అనుభవంతో మీ అయిదు క్యాప్షన్లనే ముందు పెట్టుకుని చెబుతాను.

చదివే ముందు ఒక మాట. ఇక్కడ అస్సామీ వాక్యాలను మీరు పైకి చదువుకోగలిగేలా పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. అస్సామీలో చ, ఛ రెండూ మన స లాగే పలుకుతాయి, అందుకే చాహ అని రాసినదాన్ని సాహ్ అంటారు. శ, ష, స మూడింటికీ కలిపి గొంతు వెనుక నుంచి ఒరుసుకుంటూ వచ్చే, హకూ ఖకూ మధ్య శబ్దం ఒకటి ఉంది. దానికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి ఖ అనే రాస్తున్నాను. అకారం ఒకారానికి దగ్గరగా వినిపిస్తుంది. పోస్టులో పెట్టే అసలు అస్సామీ రాతను మాత్రం ఆ భాష చదివి పెరిగిన మనిషి చేతే టైప్ చేయించండి.

ముందు బెంగాలీ వాసన సంగతి. రెండు భాషలకూ లిపి దాదాపు ఒకటే, యూనికోడ్‌లో ఆ అక్షరాల గుంపు పేరు కూడా బెంగాలీయే. కానీ అస్సామీ ర వేరు, బెంగాలీ ర వేరు. అస్సామీలో ఉన్న వ ఇప్పటి బెంగాలీ రాతలో లేదు. ఫోన్‌లో బెంగాలీ కీబోర్డుతో టైప్ చేస్తే మొదటి వాక్యంలోనే దొరికిపోతారు, ఎందుకంటే ర లేని అస్సామీ వాక్యం అరుదు.

```
U+09B0  র  బెంగాలీ ర
U+09F0  ৰ  అస్సామీ ర
U+09F1  ৱ  అస్సామీ వ
```

అందుకని పంపే ముందు ఫైలులో ఈ మొదటి అక్షరాన్ని వెతకండి. ఒక్కటి కనిపించినా అది బెంగాలీ కీబోర్డు మీద పుట్టిన వాక్యమే. ఆ ఒక్క అక్షరాన్ని మార్చి ఊరుకోకుండా వాక్యమంతా మళ్లీ చూడాలి, ఎందుకంటే అక్షరం జారిన చోట మాట కూడా జారి ఉంటుంది. టీకి బెంగాలీలో చా, అస్సామీలో సాహ్. నీళ్లకు జొల్ కాదు, పానీ. పాలకు దుధ్ కాదు, గాఖీర్. ఇవి చిన్న తేడాలని మనకు అనిపించవచ్చు. అయితే 1836 నుంచి 1873 దాకా అస్సాంలో కోర్టులూ బడులూ బెంగాలీలోనే నడిచాయి, అస్సామీ వేరే భాష అని వాదించి నిలబెట్టుకోవలసి వచ్చింది. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి, టీ పొట్లం మీద బెంగాలీ ర కనబడితే జోర్హాట్ పాఠకుడు దాన్ని అచ్చుతప్పుగా తీసుకోడు, తన ఇంటి పేరు తప్పుగా పిలిచారన్నట్టు చూస్తాడు.

ఇక అసలు విషయం. తెలుగులో మా అమ్మ, మీ అమ్మ, వాళ్ల అమ్మ అంటాం. ముందున్న మాట మారుతుంది, అమ్మ మాత్రం అమ్మగానే ఉంటుంది. అస్సామీలో అలా కాదు. అమ్మ ఎవరి అమ్మ అన్నదాన్ని బట్టి ఆ పదం తోక కూడా మారుతుంది. నాన్నను తీసుకుందాం. నా నాన్న అంటే మోర్ దేఉతా. చనువుగా నువ్వు అనే మనిషితో నీ నాన్న అనాలంటే తోమార్ దేఉతారా. ఇంకా దగ్గరివాళ్లతో, చిన్నపిల్లలతో అయితే తోర్ దేఉతార్. మీ నాన్నగారు అని మర్యాదగా అనాలంటే ఆపోనార్ దేఉతాక్, అతని నాన్న అనడానికి కూడా దేఉతాక్ అనే రూపమే. అమ్మ కూడా అంతే: మోర్ మా, తోమార్ మారా, తోర్ మార్, ఆపోనార్ మాక్. అమ్మమ్మకైనా నానమ్మకైనా వాడే ఆఇతా, తాతకు వాడే కొకా కూడా ఇదే దారిలో నడుస్తాయి.

అనువాదంలో ఇది ఎలా తప్పుతుందో నా మీదే జరిగింది. జోర్హాట్ వెళ్లిన తొలి ఏడాది, మేము అద్దెకున్న ఇంటావిడ తండ్రికి ఒంట్లో బాగోలేదని తెలిసి, మర్యాద చూపించాలనే ఉద్దేశంతో "బాఇదేఉ, ఆపోనార్ దేఉతా కేనే ఆసే?" అని అడిగాను. బాఇదేఉ అంటే అక్కగారు. ఆవిడ నవ్వుకుని, "దేఉతాక్ అనాలి. వట్టి దేఉతా అంటే ఆయన మీ నాన్న అయిపోతారు" అంది. ప్రత్యయం లేని దేఉతా సొంత తండ్రిని గురించి చెప్పేటప్పుడూ పిలిచేటప్పుడూ వచ్చే రూపం. మీ క్యాప్షన్ల అనువాదంలో "మీ అమ్మ", "మీ నాన్న" అని ఉన్న ప్రతి చోటా ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. అర్థం అందరికీ తెలుస్తుంది, ఈ రోజుల్లో కుర్రవాళ్లు కొందరు అలా మాట్లాడతారు కూడా. కానీ కుటుంబం గురించి చెబుతున్న బ్రాండు కుటుంబ పదాల దగ్గరే తడబడితే ఆ ఇంటి ఆఇతాకు అది పరాయి మనిషి మాటగానే వినబడుతుంది.

దీని నుంచి రాసేవాళ్లకు పాటించవలసిన ఒక క్రమం వస్తుంది. క్యాప్షన్ రాసే ముందు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తేల్చుకోవాలి. తెలుగులో మనం "అమ్మ చేతి టీ" అని ఎవరిదో చెప్పకుండానే గడిపేయవచ్చు. అస్సామీలో మాట్లాడే మనిషి తేలకపోతే మా రాయాలో మాక్ రాయాలో తెలియదు, క్రియకు చివర ఏం పెట్టాలో తెలియదు. మధ్యమ పురుషకు మూడు మెట్లున్నాయి: ఆపునీ, తుమీ, తొఇ. తాగండి అనాలంటే ఖాఓక్, తాగు అనాలంటే ఖోవా, తాగరా అన్నంత చనువు ఉంటే వట్టి ఖా. (టీని కూడా వాళ్లు తింటారు, తాగడానికి వేరే క్రియ వాడితే అది పుస్తకంలోంచి తీసినట్టుంటుంది.) బ్రాండు పాఠకుడితో మాట్లాడేటప్పుడు ఆపునీయే వాడాలి, ఇంట్లోవాళ్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు తుమీ, తొఇ రావాలి. రెండూ ఒకే క్యాప్షన్‌లో రావచ్చు, రావాలి కూడా, ఎందుకంటే ఆ తేడాలోనే ఇల్లు కనబడుతుంది. ఒకే నోట రెండు మెట్లు కలగాపులగం కావడం మాత్రం తప్పు.

ఇప్పుడు ఒక క్యాప్షన్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇలాంటి పనికి తెలుగులో సాధారణంగా వచ్చే మొదటి చిత్తు ఇలా ఉంటుంది: "అమ్మ చేతి టీలో ఉండే ప్రేమ మన ప్రతి ఉదయాన్నీ వెచ్చగా మారుస్తుంది." దీన్ని ఉన్నదున్నట్టు మార్చిస్తే మొదటి ఇబ్బంది ప్రేమ దగ్గర వస్తుంది. అస్సామీలో ప్రేమ్ అంటే ముందుగా స్ఫురించేది ప్రేయసీప్రియుల ప్రేమ. ఇంట్లో ఉండేది మొరొమ్. సరే, మొరొమ్ అని మార్చామనుకుందాం. అయినా వాక్యంలో ఎవరూ ఏ పనీ చేయడం లేదు. టీలో మొరొమ్ ఉందని ఏ అస్సామీ ఇంట్లోనూ ఎవరూ అనరు, మన ఇళ్లలోనూ అనరు, ప్రకటనల్లో మాత్రమే అంటారు. కాబట్టి ప్రేమను తీసేసి, పొద్దున్నే అమ్మ చేసే పనిని పెట్టాలి. ఆ పనికి వాళ్ల మాట మనకు చాలా దగ్గరది. మనం టీ పెట్టాను అన్నట్టే వాళ్లు సాహ్ బొహాఇసోఁ అంటారు; బొహా అంటే కూర్చోవడం, బొహువా అంటే కూర్చోబెట్టడం, అంటే టీని పొయ్యి మీద కూర్చోబెట్టారన్నమాట. మిగిలింది ఇల్లు. ఇంటికి ఘొర్ అనే మాట ఉంది గానీ, దానికి ఏ తోక తగిలిస్తారన్నది ముఖ్యం. ఘొర్‌టో అంటే గోడలూ కప్పూ ఉన్న కట్టడం. ఘొర్‌ఖొన్ అంటే అందులో ఉన్న మనుషులతో సహా ఇల్లు, మనం "ఇల్లంతా లేచింది" అన్నప్పుడు ఉండే ఇల్లు. ఇవన్నీ కలిపితే మొదటి క్యాప్షన్ ఇలా తేలింది:

పువా మాయే సాహ్ బొహాలేఇ ఘొర్‌ఖొన్ ఖార్ పాయ్.
ఆపోనార్ ఘొరొత్ ప్రొథొమ్ కాప్ కార్?

పొద్దున అమ్మ టీ పెట్టగానే ఇల్లు మేలుకుంటుంది, మీ ఇంట్లో మొదటి కప్పు ఎవరిది అని దీని భావం. ఇక్కడ మాయే చివర ఉన్న యే కర్త ప్రత్యయమే, బంధుత్వపు తోక కాదు, కాబట్టి మాట్లాడుతున్నది ఆ ఇంటి కొడుకో కూతురో అని పాఠకుడికి చెప్పకుండానే తెలుస్తుంది. చివరి ప్రశ్న పాఠకుడిని ఆపోనార్ అని గౌరవంగా పలకరిస్తుంది. పన్నెండు మాటల్లో ఇద్దరు మనుషులు వచ్చారు, ఆప్యాయత అనే మాట రాలేదు.

మిగతా నాలుగింటిని కూడా ఇదే ఇంట్లోంచి తీయండి. అయిదు క్యాప్షన్లకు అయిదు వేర్వేరు కుటుంబాలను తెస్తే వరుస కాదు, విడివిడి పోస్టులవుతాయి. ఒకే ఇల్లు, ఒకే రోజు, పొద్దుటి నుంచి రాత్రి దాకా అనుకుంటే ఫొటోలకు కూడా పని తేలికవుతుంది. రెండోది తాతకూ నానమ్మకూ ఇద్దాం. అస్సాంలో చాలా ఇళ్లలో పెద్దవాళ్లు పాలు లేని ఎర్ర టీనే ఇష్టపడతారు. దాన్ని రొఙా సాహ్ అంటారు. కొందరు అందులో చిటికెడు ఉప్పు వేసుకుంటారు, కొందరు బెల్లం ముక్క కొరుక్కుంటూ తాగుతారు.

కొకార్ సాహొత్ నిమొఖ్, ఆఇతార్ సాహొత్ గుర్.
దుయో బాటిర్ ఖేఖొర్ ఢోక్ మోర్.

తాత టీలో ఉప్పు, నానమ్మ టీలో బెల్లం, రెండు గిన్నెల్లోనూ చివరి గుక్క నాది. మాట్లాడుతున్నది మనవడో మనవరాలో. దీన్ని మొదట "తాత ఉప్పు వేసుకుంటాడు" అని క్రియతో రాశాను, కానీ కొకా పదానికి కర్త ప్రత్యయం చేరితే కొకాఇ అవుతుంది, అన్నయ్యను కూడా కొకాఇ అనే పిలుస్తారు. విన్నప్పుడు సందర్భం బట్టి తెలిసిపోతుంది గానీ, ఫోన్‌లో వేలితో తోస్తూ చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు, ఆ క్షణంలో పోస్టు పైకి జరిగిపోతుంది. అందుకే షష్ఠీ విభక్తితో, క్రియే లేకుండా రాశాను. పాటలా నడిచింది కూడా. బాటి అంటే గిన్నె. ఫొటోలో పింగాణీ కప్పులు ఉంటే బాటి అని రాయకండి.

ఈ క్యాప్షన్‌కు నానమ్మ ఫొటో పెట్టి పక్కన "ఒక నానమ్మ" అన్నట్టు ఏదైనా రాయవలసి వస్తే ఒక జాగ్రత్త ఉంది. అస్సామీలో మనుషులను లెక్కించేటప్పుడు కూడా తోకలుంటాయి. ఎజొనీ అన్నది అమ్మాయిలకూ సాటివాళ్లకూ, ఆవు, పిల్లి వంటి ఆడ జంతువులకూ వాడేది. పెద్దావిడకు ఎగొరాకీ అనాలి. ఎజొనీ ఆఇతా అని రాస్తే వ్యాకరణం ఒప్పుకుంటుంది, ఆ ఇంటి కోడలు ఒప్పుకోదు.

మూడోది అతిథికి. ఇది అయిదింటిలోకీ పొట్టిది, నాకు ఎక్కువ నచ్చింది.

ఆహొక్, బొహొక్.
సాహ్ బొహాఇసోఁ.

రండి, కూర్చోండి, టీ పెట్టాను. అంతే. కూర్చోండి అనే బొహొక్, టీ పెట్టాను అనే బొహాఇసోఁ ఒకే ధాతువు నుంచి వచ్చాయి కాబట్టి, మిమ్మల్నీ కూర్చోబెడుతున్నాను, టీనీ కూర్చోబెట్టాను అన్న చమత్కారం దానంతట అదే పలుకుతుంది. తెలుగులో దీన్ని చేయలేం, తెలుగు చిత్తులోంచి ఇది ఎప్పటికీ పుట్టదు. అందుకే వరుసలో కనీసం రెండు క్యాప్షన్లైనా అస్సామీ మాటల దగ్గరే మొదలుపెట్టాలని నా పట్టుదల. మీకు ఆ భాష రాకపోతే ఇబ్బందేమీ లేదు. అక్కడి మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఇంటికి ఎవరైనా వస్తే మీ అమ్మ మొదట ఏమంటుంది?" అని అడిగి, అన్నది అన్నట్టు రాసుకోండి. అనువదించమని అడగకండి.

నాలుగోది ఊరు విడిచి వచ్చిన పిల్లలకు. అస్సాం పిల్లలు చాలామంది చదువుకూ ఉద్యోగాలకూ బెంగళూరుకూ, మన హైదరాబాద్‌కూ వస్తున్నారు కాబట్టి ఈ పోస్టును ఎక్కువగా పంచుకునేది వాళ్లేనని నా అంచనా.

దేఉతాఇ ఫోనొత్ ప్రొథొమే ఖోధే, "సాహ్ ఖాలినే?"
తార్ పిసొత్‌హే బాకీ కొథా.
ఆపోనార్ దేఉతాకే కి ఖోధే?

నాన్న ఫోన్‌లో మొదట అడిగేది "టీ తాగావా?" అని, ఆ తర్వాతే మిగతా కబుర్లు, మీ నాన్నగారు ఏమడుగుతారు? ఇందులో నేను పైన చెప్పినవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. తండ్రి బిడ్డను తొఇ మెట్టులో పలకరిస్తున్నాడు కాబట్టి ఖాలినే అన్నాడు. అదే తండ్రి ఇంటికొచ్చిన అతిథిని ఖాలేనే అని అడుగుతాడు. ఆ ఒక్క అచ్చు మారితే ఫోన్ అవతల ఉన్నది బిడ్డ కాక బ్యాంకు మేనేజరు అవుతాడు. మొదటి వాక్యంలో దేఉతాఇ, చివరి వాక్యంలో దేఉతాకే. మొదటిది నా నాన్న, రెండోది మీ నాన్న. అనువదించినవాళ్లు ఈ రెంటినీ ఒకటే చేసి ఇస్తే వాళ్లు ఇంటి భాష ఎరగరని తెలుసుకోవచ్చు. పిసొత్‌హే చివర ఉన్న హే అన్నది మన "తర్వాతే" లోని ఏకారం చేసే పనే చేస్తుంది. ఇలాంటి చిన్న తోకలు అస్సామీలో మరికొన్ని ఉన్నాయి. దేఇ అన్నది "సరేనా" అన్నట్టు మాట చివర బుజ్జగిస్తుంది, సోన్ అన్నది ఆజ్ఞను అడగడంగా మెత్తబరుస్తుంది. వీటిలో ఒకటో రెండో వరుస మొత్తానికి చాలు. ప్రతి వాక్యానికీ తగిలిస్తే గారాలు పోతున్నట్టుంటుంది.

అయిదోది సెలవు తీసుకోవడం. మనం వెళ్తాను అనకుండా వెళ్లొస్తాను అంటాం కదా. అస్సామీలో ఇంకొక అడుగు ముందుకు వేసి, వెళ్లడం అనే మాటే తీసేసి, ఆహోఁ, అంటే వస్తున్నాను అంటారు.

ఆమార్ ఘొరొత్ కోనేఓ "జాఓఁ" నొకొయ్, "ఆహోఁ" కొయ్.
ఆపోనార్ కాప్‌టో ధుఇ థొఇసోఁ.

మా ఇంట్లో ఎవరూ వెళ్తున్నాను అనరు, వస్తాను అంటారు. మీ కప్పు కడిగి ఉంచాం. ఈ రెండో వాక్యం వద్దని, "మళ్లీ రండి, మా టీ రుచి చూడండి" అని పెట్టమని క్లయింటు అడగవచ్చు. వీలైనంత వరకు ఒప్పుకోకండి. కడిగి బోర్లించిన కప్పు ఆ పిలుపు పిలిచేసింది, అమ్మకం మాట వస్తే అప్పటిదాకా ఇంట్లోవాళ్లుగా ఉన్నవారు దుకాణదారులైపోతారు. బ్రాండు పేరు ఫొటోలోని పొట్లం మీద కనిపిస్తే చాలు.

హ్యాష్‌ట్యాగుల దగ్గర ఒక సాంకేతికమైన ఇబ్బంది ఉంది, అది చాలామందికి పోస్టు పెట్టాక గానీ తెలియదు. అస్సామీలో ఒకారాన్ని స్పష్టంగా పలికించడానికి కొన్ని మాటల్లో అక్షరం పక్కన అపాస్ట్రఫీ లాంటి గుర్తు పెడతారు. బొహాగ్ నెల పేరే అలా రాస్తారు. హ్యాష్‌ట్యాగులో ఆ గుర్తు వస్తే ట్యాగు అక్కడికే తెగిపోతుంది. #ব'হাগ అని పెడితే మొదటి అక్షరం మాత్రమే లింకుగా మారి మిగిలింది మామూలు రాతగా ఉండిపోతుంది. కాబట్టి ట్యాగు కోసం ఆ గుర్తు లేని మాటను ఎంచుకోండి. సాహ్ అన్న మాటలో ఆ గుర్తు రాదు, అది చాలు.

పండుగ రోజుల్లో ఈ వరుసను పొడిగించమని అడుగుతారు, ఎందుకంటే వాళ్లకు బిహు ఏడాదికి మూడుసార్లు వస్తుంది. ఏప్రిల్ మధ్యలో వచ్చే రొంగాలీ బిహు ఆటపాటలది, జనవరి మధ్యలోని భోగాలీ బిహు విందుది. రెంటికీ పిండివంటలూ టీ చక్కగా సరిపోతాయి. అక్టోబరు మధ్యలో వచ్చే కాతీ బిహు అలాంటిది కాదు. అప్పటికి పాత ధాన్యం అడుగంటి, కొత్త పంట ఇంకా పొలంలోనే ఉంటుంది. తులసి దగ్గరా చేను గట్టునా దీపం పెట్టి మౌనంగా గడిపే సాయంత్రం అది. ఆ రోజున బెలూన్లూ లడ్డూలూ పెట్టి శుభాకాంక్షలు చెప్పిన పోస్టు ఒకటి నా చేతుల మీదుగానే వెళ్లబోయి చివరి గంటలో ఆగింది. కాతీ బిహుకు ఒక దీపం, ఒక కప్పు, ఒక వాక్యం మించి వద్దు.

ఇంకొక సంగతి మనవాళ్లకు కొంచెం దగ్గరిది. టీ బ్రాండు అనగానే బుట్ట వీపున వేసుకుని నవ్వుతూ ఆకు కోసే స్త్రీ ఫొటో పెట్టాలని చాలామందికి తోస్తుంది. ఆ తోటల్లో పని చేసేవారి పూర్వీకులను బ్రిటిష్ కాలంలో ఛోటానాగ్‌పూర్ నుంచి, ఒడిశా నుంచి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం, మన విశాఖపట్నం జిల్లాల నుంచి ఒప్పందపు కూలీలుగా తీసుకువెళ్లారు. వారి ఇళ్లలో వేరే భాష, వేరే బంధుత్వ పదాలు ఉంటాయి. పైగా కులీ అన్న మాట అక్కడ తిట్టు. ఆ స్త్రీ ఫొటో కింద జోర్హాట్ యజమాని ఇంటి మా, దేఉతా మాటలు పెడితే ఆ ఇల్లు ఆమెది కాదన్న సంగతే బయటపడుతుంది. మీ వరుస ఒక ఇంటి వంటగది గురించి అయితే ఫొటోలు కూడా వంటగదిలోనే ఉండనివ్వండి.

ఖరారు చేసే ముందు క్లయింటును రెండు విషయాలు అడగండి. మొదటిది, వాళ్ల ఇంట్లో నాన్నను నిజంగా ఏమని పిలుస్తారు? దేఉతా అన్నది చాలా ఇళ్లలో ఉంది, కానీ బాబా, పాపా అనే ఇళ్లూ ఉన్నాయి, ముస్లిం ఇళ్లలో కొన్నింటిలో ఆబ్బా అంటారు. కుటుంబం పేరుతో నడిచే బ్రాండు కాబట్టి వాళ్ల పిలుపే వాడాలి, పుస్తకంలోని పిలుపు కాదు. రెండోది, అయిదు క్యాప్షన్లనూ ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడకు పైకి చదివి వినిపించమనండి. బాగుందా అని మాత్రం అడగవద్దనండి, బాగుందనే అంటారు. ప్రతి క్యాప్షన్ తర్వాత "ఇది ఎవరు అన్న మాట?" అని అడగమనండి. కూతురు, మనవడు, ఇంటి కోడలు, ఇలా ఆవిడ వెంటనే ఒక మనిషిని చూపించగలిగితే ఆ క్యాప్షన్ పోస్టుకు వెళ్లవచ్చు. "కంపెనీవాళ్లు" అంటే మాత్రం ఆ ఒక్కదాన్ని వెనక్కి తెచ్చుకుని, బంధుత్వ పదం తోక దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.